ద్రవ్యోల్బణం: బోర్డు మీద కనపడని ఖర్చులు, చేతులు మారే సంపద (అపోహలు - వాస్తవాలు)

బ్యాంకులో ఇరవై రెండేళ్లు అప్పుల విభాగంలో పనిచేశాను. ఇప్పుడు రిటైరైనవాళ్లకీ, చిన్న వ్యాపారులకీ డబ్బు లెక్కలు చూసిపెడుతున్నాను. ధరల మాట వస్తే అందరూ నూనె, ఉల్లి, పెట్రోలు గురించే చెబుతారు. కానీ నా దగ్గరికొచ్చే కాగితాల్లో ఎక్కువ నష్టం అక్కడ ఉండదు. అది డిపాజిట్ రసీదులో, లోన్ స్టేట్‌మెంట్‌లో, ప్రోనోటులో ఉంటుంది. తరచూ వినే కొన్ని మాటలు తీసుకుని, వాటిలో నిజమెంతో రాస్తాను.

అపోహ: "ధరలతో పాటు జీతమూ పెరిగితే ఇక నష్టం ఏముంది?"

ధరలన్నీ 6 శాతం, జీతం కూడా 6 శాతం పెరిగాయనుకుందాం. అయినా ఒకటి పెరగదు. అది జేబులోని నోటు. పొదుపు ఖాతాలో పెట్టినా పెద్దగా పెరగదు. 2020-21లో దేశంలో వినియోగదారుల ధరలు సగటున 6.2 శాతం పెరిగాయి. అప్పుడు పెద్ద బ్యాంకుల పొదుపు ఖాతా వడ్డీ 2.7 శాతం అటూ ఇటూ ఉంది. అంటే ఏడాదంతా ఖాతాలో కదలకుండా ఉన్న లక్ష రూపాయలు కొనుగోలులో సుమారు 3,500 రూపాయలు పోగొట్టుకున్నాయి.

ఆ నష్టం తప్పించుకోవాలంటే డబ్బు దగ్గర ఉంచుకోకూడదు. జీతం రాగానే డిపాజిట్‌లో వేయాలి, అవసరం రాగానే తీయాలి, మళ్లీ వేయాలి. ఈ తిరుగుడుకే ఆర్థికశాస్త్రంలో 'షూ లెదర్ కాస్ట్' అని పేరు. మన భాషలో ఇది కొత్త మాటేమీ కాదు, చెప్పులరిగేలా తిరగడమే. ధరలు విపరీతంగా ఎగిరిన 1923లో జర్మనీలో ఇది నిజంగా కాళ్లతోనే జరిగింది. జీతాలు రోజువారీగా ఇచ్చే స్థితి వచ్చింది. చేతికొచ్చిన నోట్లు సాయంత్రానికి విలువ పోగొట్టుకుంటాయని జనం అప్పటికప్పుడు దుకాణాలకు పరిగెత్తేవారు. ఆ పరుగులో పోయిన పనిగంటలు ఏ సరుకునీ తయారు చేయలేదు.

మన దగ్గర 5, 6 శాతం దగ్గర ఈ ఖర్చు చిన్నదే. దాన్ని పెద్దది చేసి చెప్పను. పైగా ఫోన్‌లోనే డిపాజిట్ వేసే రోజుల్లో చెప్పులు అరగవు. అరిగేది టైమూ శ్రద్ధా. ఏ బ్యాంకులో పావు శాతం ఎక్కువుందో వెతకడం, గడువుకు ముందే తీసి పెనాల్టీ కట్టడం, గడువు తేదీలన్నీ గుర్తుపెట్టుకోవడం. ఫోన్ వాడలేని డెబ్బై ఏళ్లవాళ్లు మాత్రం ఇప్పటికీ కాళ్లతోనే తిరుగుతున్నారు.

అపోహ: "రేటు మార్చడానికి ఖర్చేముంది, బోర్డు మారిస్తే సరి"

నేను లెక్కలు చూసే ఒక టిఫిన్ సెంటర్ ఆయన, మినప్పప్పూ గ్యాసూ పెరిగిన తర్వాత ఏడు నెలలు ఇడ్లీ ప్లేటు 30 రూపాయలకే అమ్మాడు. ఎందుకు ఆగావని అడిగితే, "పెంచితే ఒకేసారి ఐదు పెంచాలి సార్. రూపాయి, రెండు రూపాయలు పెంచితే చిల్లర గొడవ. ముందు నేను పెంచితే రోజూ వచ్చేవాళ్లు ఎదురు కొట్టుకి పోతారు" అన్నాడు.

'మెనూ కాస్ట్' అంటే ఇదంతా. ఫ్లెక్స్ బోర్డు, మెనూ కార్డులు, బిల్లింగ్ మెషిన్‌లో రేట్లు, డెలివరీ యాప్‌లో రేట్లు మార్చడం అందులో పైకి కనిపించే భాగం. ఎంత పెంచాలో తేల్చుకోవడం, పాత కస్టమర్లకు సర్దిచెప్పడం, ముందు పెంచినవాడిగా నష్టపోతానేమోనన్న టెన్షన్ మిగతా భాగం. 1990లలో అమెరికా సూపర్‌మార్కెట్లలో దీన్ని కొలిచారు. ఐదు చెయిన్లలో చూస్తే ఒక్కో స్టోరుకు ఏడాదికి లక్ష డాలర్లకు పైగా, అమ్మకాల్లో సుమారు 0.7 శాతం, ధరలు మార్చే పనికే పోయింది. సూపర్‌మార్కెట్‌కి మిగిలే లాభమే అమ్మకాల్లో కొద్ది శాతం కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు.

దీనికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. అందరూ ఒకే రోజున రేటు మార్చరు. ఒకడు జనవరిలో, ఇంకొకడు జూన్‌లో మారుస్తాడు. ఈ మధ్యకాలంలో ఇద్దరి ఖర్చూ ఒకటే అయినా ఒకడు చవగ్గా, ఒకడు ఖరీదుగా కనిపిస్తాడు. జనం చవక అనుకుని వెళ్లేది బాగా నడుపుతున్న కొట్టుకి కాదు, ఇంకా బోర్డు మార్చని కొట్టుకి. ఎవరు నిజంగా తక్కువ ఖర్చుతో చేస్తున్నారో చెప్పడమే ధర చేసే పని. అది ఆ పని మానేస్తుంది.

ప్యాకెట్ సరుకుల్లో కంపెనీలు దీన్ని మరోలా దాటుతాయి. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఐదు రూపాయలే ఉంటుంది, గ్రాములు తగ్గుతాయి. అందుకే ప్యాకెట్ మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో రాసిన యూనిట్ ధర చూడండి. మారింది అక్కడ కనిపిస్తుంది.

అపోహ: "డిపాజిట్ విలువ తగ్గితే ఆ డబ్బు గాలికి పోయినట్టే"

గాలికి పోదు. ఒకరి దగ్గర తగ్గింది ఇంకొకరికి చేరుతుంది. డిపాజిట్ చేసినవాడు బ్యాంకుకి అప్పిచ్చినట్టే లెక్క.

2020-21 లెక్కే తీసుకుందాం. అప్పట్లో ఏడాది డిపాజిట్‌పై వడ్డీ సుమారు 5 శాతం. అరవై ఏళ్లు నిండని ఒకాయన 10 లక్షలు వేశాడు. ఏడాది చివర 10,50,000 వచ్చింది. మొదట్లో 10 లక్షలకు వచ్చే సరుకులు ఇప్పుడు 10,62,000. అంటే వడ్డీ అంతా కలుపుకున్నా 12 వేలు తక్కువ. ఆయన 20 శాతం పన్ను శ్లాబులో ఉంటే ఆ 50 వేల వడ్డీ మీద సెస్‌తో కలిపి 10,400 పన్ను. పన్ను శాఖ వడ్డీని ఆదాయంగానే చూస్తుంది, అది ధరల పెరుగుదలను పూడ్చడానికే సరిపోలేదని చూడదు. మొత్తం 22,400 లోటు. ఖాతాలో అంకె పెరిగింది కాబట్టి ఆయనకు నష్టపోయినట్టే అనిపించదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

ఆ డబ్బు ఎవరికి చేరింది? బ్యాంకు ఆ డిపాజిట్‌ను కొంత ఇళ్ల లోన్లుగా ఇస్తుంది, కొంత ప్రభుత్వ బాండ్లలో పెడుతుంది. ఆ ఏడాది పదేళ్ల ప్రభుత్వ బాండు వడ్డీ 6 శాతం దగ్గరే ఉంది, అంటే ధరల పెరుగుదలకు కొంచెం కింద. ఇంటి లోన్ 7 శాతం దగ్గర దొరికింది, అంటే ధరల పెరుగుదల పోను ఒక శాతం భారం కూడా లేదు. దేశంలో అందరికంటే పెద్ద అప్పుదారు ప్రభుత్వం. కాబట్టి ఆ డిపాజిట్ వేసినాయన పోగొట్టుకున్నదాంట్లో ఒక వాటా ప్రభుత్వానికీ, ఒక వాటా ఇల్లు కట్టుకున్న కుర్రాడికీ చేరింది.

ఇక్కడ ఒక షరతు ఉంది. ధరలు 6 శాతం పెరుగుతాయని ఇద్దరికీ ముందే తెలిస్తే, అప్పిచ్చేవాడు వడ్డీలో ఆ 6 కలిపే అడుగుతాడు. అప్పుడు చేతులు మారేది ఉండదు. ఊహించినదానికంటే ఎక్కువ పెరిగినప్పుడే, ఆ ఎక్కువ మేరకే సంపద అప్పిచ్చినవాడి నుంచి తీసుకున్నవాడికి జరుగుతుంది. ఊహించినదానికంటే తక్కువ పెరిగితే అది వెనక్కి ప్రవహిస్తుంది. చెప్పులరుగుదల, బోర్డు ఖర్చు మాత్రం ముందే ఊహించినా తప్పవు.

అపోహ: "అయితే అప్పున్నవాడికి పండగే"

ఈ మాట నమ్మి లోన్ పెంచుకున్నవాళ్లను చూశాను కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను.

లాభం రావాలంటే వడ్డీ రేటు కదలకూడదు. మన ఇళ్ల లోన్లు చాలావరకు ఫ్లోటింగ్, అంటే మధ్యలో వడ్డీ రేటు మారేవి. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ ఇంటి లోన్లను, రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు లాంటి బయటి కొలమానానికి కట్టాలి. ధరలు పెరగగానే రిజర్వ్ బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపోను 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం.

2020లో 7 శాతానికి 20 ఏళ్లకు 30 లక్షలు తీసుకున్న ఇంటిని చూడండి. ఈఎంఐ సుమారు 23,260. రెండేళ్లు కట్టాక అసలు దాదాపు 28.5 లక్షలు మిగులుతుంది. లెక్క సులువుగా ఉండటానికి, అప్పుడే రేటు ఒక్కసారిగా 9.5 శాతం అయిందనుకుందాం. నెల వడ్డీయే 22,580 దాకా అవుతుంది. ఈఎంఐ మార్చకపోతే అసలుకు పోయేది నెలకు ఏడు వందల లోపే. మిగిలిన 18 ఏళ్లు 37 ఏళ్లవుతుంది. నిజంగా రేటు విడతలుగా పెరిగింది, బ్యాంకులు వయసు పరిమితి దాటి గడువు పొడిగించవు, కాబట్టి చాలామందికి ఈఎంఐ కూడా పెంచారు. కానీ మెసేజ్ చదవకుండా వదిలేసినవాళ్ల గడువు ఏళ్లకేళ్లు పెరిగింది. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు దీని మీద ఆదేశాలిచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది ఎంచుకునే అవకాశం అప్పుదారుకివ్వాలి. మీ స్టేట్‌మెంట్‌లో 'మిగిలిన నెలలు' అన్న అంకెను ఏడాదికోసారి చూడండి. ఏడాది కట్టినా అది 12 తగ్గకపోతే రేటు మారిందేమో బ్యాంకులో అడగండి.

రెండో సంగతి ఊళ్ల అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ధరలు 6 శాతం పెరిగాయని అందులోంచి తీసేసినా, నిజంగా పడే భారం దాదాపు 18 శాతం. ద్రవ్యోల్బణం ఈ అప్పును కరిగించలేదు.

మూడోది, అప్పుదారు ఆదాయం కూడా ధరలతో పెరగాలి. 2021-22లో సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాల్‌కు 1,868 నుంచి 1,940కి పెరిగింది, 3.9 శాతం. ఆ ఏడాది ధరలు పెరిగింది 5.5 శాతం. రైతు బ్యాంకు బాకీ విలువ తగ్గిందని కాగితం మీద చెప్పొచ్చు గానీ, దాన్ని తీర్చే ధాన్యం విలువ కూడా తగ్గింది.

అపోహ: "మరీ అన్యాయమైతే కోర్టు చూసుకుంటుంది"

జర్మనీలో ఇది నిజంగానే కోర్టుకెళ్లింది. 1923 నవంబర్‌లో ఒక డాలర్‌కు 4.2 లక్షల కోట్ల మార్కులు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇల్లు తనఖా పెట్టి పదివేల మార్కులు తీసుకున్నవాడు, రొట్టె ముక్క కూడా రాని కాగితంతో ఆ అప్పు తీర్చేయగలిగాడు. ప్రభుత్వ యుద్ధ రుణం 15,400 కోట్ల మార్కులు, పాత నోట్ల స్థానంలో వచ్చిన కొత్త మార్కులో నూటికి 15 వంతుల పైచిలుకు అయింది. ఆ నవంబర్ 28న అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఇలాంటి కాగితంతో తనఖా తీర్చడం చెల్లదని చెప్పింది. 1925 చట్టం తనఖా అప్పుల అసలు విలువలో 25 శాతాన్ని పునరుద్ధరించింది. మిగతా ముప్పాతిక వంతు పోయినట్టే. ప్రభుత్వ బాండ్లు కొన్నవాళ్లకు అంతకంటే చాలా తక్కువ దక్కింది.

మన దగ్గర లక్ష రూపాయల ప్రోనోటుకు లక్షా, రాసుకున్న వడ్డీ కడితే తీరిపోతుంది. రక్షణ ఏదైనా కాగితం రాసే రోజే పెట్టుకోవాలి. డెల్టా ఊళ్లలో పొలం కౌలును రూపాయల్లో కాకుండా ఎకరాకు ఇన్ని బస్తాలని మాట్లాడుకునే పద్ధతి అలాంటిదే. ధాన్యం రేటు పెరిగితే కౌలూ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. పొలం ఇచ్చినవాడూ చేసేవాడూ ధర ఎటు పోతుందోనని పందెం కాయనక్కర్లేదు. మూడేళ్లకు రాసుకునే ఇంటి అద్దె అగ్రిమెంటులో ఏడాదికి ఇంత శాతం పెంపు అని రాసుకోవడం కూడా అదే పని చేస్తుంది, కానీ ధరలు ఆ శాతం దాటితే నష్టం యజమానిది, దాటకపోతే అద్దెకున్నవాడిది.