కెమెరా చిరునామా ఎందుకు మారింది?

కరెంటు పోయి వచ్చిందంటే చాలు, మా గేటు దగ్గరి కెమెరా, దాని వీడియోను దాచే రికార్డరుకు కనిపించేది కాదు. ఫోనులో దాని యాప్ తెరిస్తే బొమ్మ చక్కగా వచ్చేది. యాప్, కెమెరా తయారీదారు సర్వరు ద్వారా చూస్తుంది. రికార్డరు నేరుగా ఐపీ చిరునామాకు వెళ్తుంది. మారింది ఆ చిరునామాయే.

ఇంట్లో పరికరాలకు చిరునామాలు పంచేది రౌటరు. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. చిరునామా సొంతానికి రాదు, గడువు పెట్టిన అద్దెకు వస్తుంది. సగం గడువు కాగానే పరికరం పొడిగింపు అడుగుతుంది కనుక మామూలు రోజుల్లో ఇబ్బంది ఉండదు. కానీ చాలా ఇంటి రౌటర్లు అద్దె పట్టికను తాత్కాలిక మెమరీలోనే ఉంచుతాయి. కరెంటు పోతే అది చెరిగిపోతుంది. మా కెమెరాది 192.168.1.23. కరెంటు రాగానే దానికంటే ముందు మేలుకున్న స్మార్ట్ ప్లగ్గుకు ఆ 23 దక్కింది, కెమెరాకు 31 వచ్చింది. రికార్డరు పాపం ఇంకా 23 తలుపే తడుతోంది.

కెమెరా సెట్టింగుల్లోనే చిరునామా రాసేయడం తేలికే, కానీ రౌటరుకు ఆ సంగతి తెలియదు. అదే చిరునామాను మరొకరికి ఇచ్చేస్తే రెండూ తడబడతాయి. రౌటరులోనే రిజర్వేషన్ పెట్టడం మేలు. పరికరాన్ని గుర్తించే మ్యాక్ నంబరుకు ఒక చిరునామాను కట్టేస్తాం. చిరునామాలు పంచడానికి dnsmasq అనే ప్రోగ్రాము వాడే రౌటర్లలో ఇలా ఉంటుంది:

```
dhcp-range=192.168.20.100,192.168.20.199,24h
dhcp-host=02:1a:2b:3c:4d:5e,192.168.20.11
```

100 నుంచి 199 వరకు వచ్చీపోయేవాటికి, 100 లోపు స్థిరంగా ఉండేవాటికి.

పై చిరునామాల్లో 20 అన్నది, ఇంటి నెట్‌వర్క్ నుంచి పరికరాల కోసం విడదీసిన భాగం. నెట్‌వర్క్‌ను ఇలా భాగాలుగా విడదీసే వీల్యాన్ సౌకర్యం ఉన్న రౌటరులో దానికి వేరే వైఫై పేరు, వేరే పాస్‌వర్డ్ ఇవ్వవచ్చు. నాకు బాగా కలిసొచ్చింది ఇదే: ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా ప్రతి బల్బునూ కొత్తగా జతచేసే పీడ పోయింది. ఇంటి వైపు నుంచి పరికరాల వైపు వెళ్లనిచ్చి, అటునుంచి కొత్తగా మొదలయ్యే సంబంధాలను ఫైర్‌వాల్‌లో ఆపేశాను. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ తయారీ నాటి పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలలోకి, రౌటర్లలోకి చొరబడింది. అలాంటిది ఒక కెమెరాలో దూరినా కంప్యూటర్ దాకా రావడం కష్టం.

వీల్యాన్ లేకపోతే గెస్ట్ నెట్‌వర్క్‌తో సరిపెట్టుకోవచ్చు. అయితే చాలాచోట్ల అది పరికరాలను ఒకదానికొకటి కనిపించనివ్వదు. రికార్డరూ కెమెరా రెండూ అందులోనే ఉన్నా ఫలితం సున్నా.

విడదీశాక మొదట మొరాయించేది టీవీ. ఫోను టీవీని వెతకడానికి 224.0.0.251 అనే చిరునామాకు ఒక కేక వేస్తుంది. దాన్ని రౌటరు మరో భాగంలోకి దాటించదు. టీవీ ఐపీకి ping చేస్తే జవాబు వస్తూ, యాప్ జాబితాలో మాత్రం పేరు లేకపోతే కారణం ఇదే అనుకోవచ్చు. avahi లాంటి ప్రోగ్రాముతో కేకను రెండో వైపుకు వినిపించవచ్చు. నేను ఒక సాయంత్రమంతా దానితో కుస్తీ పట్టి, చివరికి టీవీనీ ప్రింటరునూ ఇంటి భాగంలోనే ఉంచేశాను.