రామ అని వెతికితే గ్రామం ఎందుకు వచ్చింది

ఒడిశాలోని బరంపురంలో మా తెలుగు గ్రంథాలయం పుస్తకాల జాబితా చాలాకాలం రిజిస్టర్లలోనే ఉండేది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, వెతుక్కోవడానికి ఒక పెట్టె కూడా పెట్టాం. మొదటి వారంలోనే రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చి ఆ పెట్టెలో ‘రామ’ అని కొట్టారు. స్క్రీన్ వైపు కాసేపు చూసి నన్ను పిలిచారు. “ఇదేటి బాబూ, రాముడి పుస్తకాలు అడిగితే పంచాయతీ పుస్తకాలు చూపిస్తోంది?”

ఆయన చూసింది నిజమే. జాబితాలో గ్రామ పాలన, డ్రామాలు, విరామ చిహ్నాలు అన్నీ కలిసి వచ్చాయి. ప్రోగ్రాంలో నేను రాసిన వరుస ఇది:

```sql
SELECT peru FROM pustakalu
WHERE peru LIKE '%రామ%';
```

నేను రాయడంలో పొరపాటు లేదు. ఈ LIKE ఏ అవసరం కోసం పుట్టిందో చూస్తే ఫలితం అలా ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

ఐబీఎం కంపెనీలో పనిచేసే ఎడ్గర్ కాడ్ 1970లో పట్టికల రూపంలో డేటాను దాచే పద్ధతిని ప్రతిపాదించాడు. ఐబీఎంలోనే ఛాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు 1974లో దానికొక ప్రశ్నల భాషను తయారుచేశారు. తర్వాత అదే ఎస్‌క్యూఎల్ అయింది. అప్పుడు పట్టికల్లో ఉండేవి ఉద్యోగి పేరు, సరుకు నంబరు, ఊరు లాంటి పొట్టి గడులు. పేరులో కొంత ముక్కే గుర్తుంటే వెతకడానికి LIKE సరిపోయేది. శాతం గుర్తు ఉన్నచోట ఎన్ని అక్షరాలైనా ఉండొచ్చు, కింది గీత ఉన్నచోట ఒకే అక్షరం ఉండాలి. దానికి మాట అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ అప్పుడు లేదు. ఒక గుర్తుల వరుస ఇంకో గుర్తుల వరుసలో ఉందా లేదా, అంతే చూస్తుంది.

తెలుగులో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మన కంటికి ‘గ్రా’ ఒక్క అక్షరం. కంప్యూటర్ దాన్ని గ, పొల్లు, ర, ఆకారం గుర్తు అని నాలుగుగా దాస్తుంది. ఆ వెనకే మ వస్తుంది. ర, ఆకారం, మ వరుసగా ఉన్నాయి కాబట్టి LIKE లెక్కలో ‘గ్రామ’లో ‘రామ’ ఉన్నట్టే. ‘రమ’ అని వెతికితే శ్రమ, క్రమం, భ్రమ వచ్చేది కూడా ఇందుకే. రోమన్ లిపిలో ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా నిలబడుతుంది. మన లిపిలో వత్తుగా దాగిన అక్షరాన్ని కూడా LIKE బయటికి లాగి చూపిస్తుంది.

వేగం సంగతి కూడా ఒకటుంది. మామూలు ఇండెక్సు నిఘంటువు లాంటిది. ‘రామ’తో మొదలయ్యేవి అడిగితే ఆ పేజీకి నేరుగా పోవచ్చు. మధ్యలో ‘రామ’ ఉన్నవి అడిగితే నిఘంటువు మొత్తం తిరగేయాలి. ముందు శాతం గుర్తు పెడితే డేటాబేసు చేసేది అదే. మేము వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ప్రశ్నకు ముందు EXPLAIN అని రాసి నడిపితే ‘Seq Scan’ అని కనిపిస్తుంది. పట్టిక మొదటి నుంచి చివరిదాకా చదువుతున్నానని దాని అర్థం. కొన్ని వేల పుస్తకాల పేర్లే అయితే దీనికి టెన్షన్ పడనక్కర్లేదు, ఎదురుచూసినట్టు కూడా తెలియదు. లక్షల వరుసల్లో పొడుగాటి వ్యాసాలుంటే మాత్రం భరించలేం.

పొడుగాటి వ్యాసాల్లో వెతకడం అనే విద్య వేరే చోట పెరిగింది. 1960లలో గెరార్డ్ సాల్టన్ బృందం స్మార్ట్ అనే వ్యవస్థను కట్టింది. ఇలాంటి వ్యవస్థల ఆయువుపట్టు పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిదే. ముందుగా పాఠాన్ని మాటలుగా విడగొట్టి, ఏ మాట ఏ పత్రంలో ఉందో జాబితా రాసిపెడతారు. వెతికేటప్పుడు పాఠం జోలికి పోకుండా ఆ జాబితా చూస్తారు. 1980లో మార్టిన్ పోర్టర్ ఇంగ్లీషు మాటల తోకలు కత్తిరించే సూత్రాలు ప్రచురించాడు. వాటితో ఏకవచనం, బహువచనం ఒకే మూలానికి చేరతాయి.

ఈ రెండు పాయలూ కలవడానికి చాలా ఏళ్లు పట్టింది. పోస్ట్‌గ్రెస్‌లో బార్తునోవ్, సిగాయెవ్ అనే ఇద్దరు పదసూచిక వెతుకులాటను మొదట అదనపు భాగంగా రాశారు. 2008లో వచ్చిన 8.3 వెర్షన్‌తో అది లోపలి భాగమైంది. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేసులో ఇన్నోడీబీ రకం పట్టికలకు ఈ సౌకర్యం 5.6తో అందింది. అయితే పోస్ట్‌గ్రెస్‌లో అది వస్తూ వస్తూ తోకలు కత్తిరించే పనిముట్లను కొన్ని భాషలకే తెచ్చుకుంది. అందులో ఇప్పుడు హిందీకి, తమిళానికి, నేపాలీకి అవి ఉన్నాయి. తెలుగుకు లేదు. విభక్తులన్నీ మాటకే అతుక్కునే భాషకు ఇది పెద్ద లోటు. ‘బరంపురం’, ‘బరంపురంలో’, ‘బరంపురానికి’ దాని దృష్టిలో సంబంధం లేని మూడు మాటలు.

మాస్టారి ప్రశ్నకు జవాబు దొరుకుతుందేమోనని ఆరు పేర్లు పెట్టి పరీక్షించాను. రాముడి కథలు, సీతారామ భజనలు, శ్రీరామ నామ మహిమ, గ్రామ పంచాయతీ చట్టం, పిల్లల డ్రామాలు, విరామ చిహ్నాలు. LIKE ఆరింటినీ తెచ్చింది. తర్వాత పదసూచిక పద్ధతిలో అడిగాను. మాట తోక ఏదైనా పర్వాలేదని చెప్పడానికి చివర నక్షత్రం గుర్తు పెట్టాలి:

```sql
SELECT peru FROM pustakalu
WHERE to_tsvector('simple', peru)
   @@ to_tsquery('simple', 'రామ:*');
```

ఈసారి రాముడి కథలు ఒక్కటే వచ్చింది. గ్రామం పోయింది, మంచిదే. కానీ సీతారాముడు, శ్రీరాముడు కూడా పోయారు. సమాసంలో రెండో మాట పదసూచికలో విడిగా ఎక్కదు. మాట మొదలు తప్ప మధ్య దానికి కనిపించదు. భజన పుస్తకం కోసం వచ్చినవాళ్లకు ‘లేదు’ అని చెప్పడం నా దృష్టిలో పంచాయతీ పుస్తకాలు చూపించడం కంటే పెద్ద తప్పు. అనవసరంగా వచ్చింది కళ్లకు కనిపిస్తుంది. రావాల్సింది రాకపోతే అది లేదనే అనుకుని వెళ్లిపోతారు.

చివరికి పేర్ల గడికి మూడో దారి పట్టాను. ‘రామ’కు ముందు పొల్లు ఉండకూడదని చెబితే చాలు. పొల్లుకు యూనికోడ్ సంఖ్య 0C4D:

```sql
SELECT peru FROM pustakalu
WHERE peru ~ '(?<!\u0C4D)రామ';
```

ఇది పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచి పనిచేస్తుంది. గ్రామ, డ్రామా తప్పుకున్నాయి. సీతారామ, శ్రీరామ నిలిచాయి. విరామ చిహ్నాలు మాత్రం ఇంకా వస్తుంది, అక్కడ వత్తు లేదు కాబట్టి. ఆ ఒక్కదానితో మాస్టారు సర్దుకున్నారు.

జాబితా పెరిగితే దీన్ని వేగంగా నడపడానికి pg_trgm అనే అదనపు భాగం ఉంది. అది పాఠాన్ని మూడేసి గుర్తుల ముక్కలు చేసి సూచిక కడుతుంది. 2011లో వచ్చిన 9.1 నుంచి, ముందు శాతం గుర్తున్న LIKE కూడా ఆ సూచికను వాడుకోగలదు. రెండు జాగ్రత్తలు చెప్పాలి. ‘రమ’లో రెండే గుర్తులున్నాయి, మూడు గుర్తుల ముక్క తయారు కాదు కాబట్టి సూచిక ఉన్నా లాభం ఉండదు. ‘రామ’లో సరిగ్గా మూడున్నాయి. రెండోది, డేటాబేసును LC_CTYPE విలువ C గా పెట్టి సృష్టించి ఉంటే తెలుగు అక్షరాలు దానికి అక్షరాలుగానే కనిపించవు. `SELECT show_trgm('తెలుగు')` అని నడిపి చూడండి. ఖాళీ జత బ్రాకెట్లు వస్తే సంగతి అదే.

మరి పదసూచిక మాకు పనికిరాలేదా అంటే, చాలా పనికొచ్చింది, వేరే చోట. పాత పత్రికల బైండ్ల లోపల ఏ వ్యాసంలో ఏముందో పేరా చొప్పున టైపు చేయిస్తున్నాం. మా గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి ఈ ప్రాంతం గురించి తెలుగులో రాసినది చాలా ఉంది. 1866 కరువు గురించి వెతికేవాళ్లకు ‘గంజాం’, ‘కరువు’ రెండూ ఉన్న పేరాలు కావాలి, ఏది ముందున్నా సరే, ఆ మాటలు ఎక్కువసార్లు వచ్చినవి పైన కనిపిస్తే ఇంకా మంచిది. ఈ పని LIKEతో చేస్తే వరుస క్రమం రాదు, ప్రతి పేరానూ చదవాలి. పదసూచికకు ఇది పుట్టుకతో వచ్చిన పని. మాటలు జాబితాలో సిద్ధంగా ఉంటాయి, ts_rank క్రమం పెడుతుంది.

అక్కడా తెలుగు తన మెలిక పెట్టింది. పాత రచనల్లో ‘గంజాము’, కొత్తవాటిలో ‘గంజాం’. మా పక్క జిల్లాలోని పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడారు. ఆ మార్పుకు ముందు అచ్చయినవీ తర్వాత అచ్చయినవీ మా అలమారాల్లో పక్కపక్కనే ఉన్నాయి. రెండింటినీ కలపాలని మొదట `గంజా:*` అని పెట్టాను. గంజాయి సాగు మీద రాసిన వ్యాసాలు కూడా వచ్చిపడ్డాయి. ఇప్పుడు రెండు రూపాలనూ విడిగా రాస్తున్నాం:

```sql
to_tsquery('simple',
 '(గంజాం:* | గంజాము:*) & కరువు:*')
```

టైపు చేసే దశలోనే సరిచూసుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది. ‘కలెక్టర్‌కు’ లాంటి మాటల్లో పొల్లు వత్తుగా మారిపోకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని గుర్తు ఒకటి, 200C, చేరుస్తాయి. ఒకరు దాంతో టైపు చేసి ఇంకొకరు అది లేకుండా వెతికితే LIKEకూ దొరకదు, పదసూచికకూ దొరకదు. కొన్ని మాటల్లో స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనిపించవచ్చు. అనుమానం వస్తే length() విలువ చూడాలి, ఒకటి తేడా వస్తుంది. మేము అసలు పాఠాన్ని అలాగే ఉంచి, ఈ గుర్తు తీసేసిన ప్రతిని పక్క గడిలో పెట్టి అందులోనే వెతుకుతున్నాం. వెతికేవాళ్లు కొట్టిన మాటలోంచి కూడా ముందు ఆ గుర్తును తీసేస్తాం.

ఊరి పేరు దగ్గర మాత్రం రెండు పద్ధతులూ చేతులెత్తేశాయి. బరంపురం, బ్రహ్మపురం, బర్హంపూర్ ఒకే ఊరని అక్షరాలను చూసి ఏ సూచికా తెలుసుకోలేదు. అందుకు పోస్ట్‌గ్రెస్‌లో పర్యాయపదాల ఫైలు పెట్టుకోవచ్చు. ఎడమవైపు మాట, కుడివైపు దానికి బదులు వాడాల్సిన మాట. విభక్తులు చేరిన రూపాలను కూడా విడిగా రాయాల్సిందే. మా ఫైలును మాస్టారే రాస్తున్నారు. ఊళ్ల పేర్లు పూర్తయ్యాక రచయితల ఇంటిపేర్ల మీదికి వచ్చారు.