ప్రతి అచ్చునూ స్పష్టంగా పలికితే ఇంగ్లీష్ అర్థం కాదు: వర్డ్ స్ట్రెస్, ష్వా మీద అపోహలు - వాస్తవాలు

ఇంగ్లీష్ ఉచ్చారణ నేర్పడం నా పని. కొత్తగా చేరినవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటి ఉంది: "మేడమ్, నేను ప్రతి అక్షరం స్పష్టంగా పలుకుతాను. అయినా అవతలివాళ్లు మళ్లీ మళ్లీ ఏంటని అడుగుతారు." ఇది చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంటుంది. గ్రామర్ బాగానే ఉంటుంది, మాటలకు తడుముకోరు, అయినా కాల్‌లో నోరు విప్పాలంటే భయం. వాళ్లను ఇబ్బంది పెడుతున్నది చాలాసార్లు ఆ "ప్రతి అక్షరం స్పష్టంగా" అన్న పట్టుదలే.

అపోహ: అన్ని అచ్చులూ నిండుగా పలికితేనే మంచి ఉచ్చారణ. మింగేయడం నిర్లక్ష్యం.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. అందుకే ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుతాను.

ఈ అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఎవరినీ తప్పుపట్టబుద్ధి కాదు. తెలుగులో పలు వేరు, పాలు వేరు. అచ్చు పొడుగు మారితే మాటే మారిపోతుంది కాబట్టి, ఏ అచ్చుకు రావలసిన నిడివి దానికి ఇచ్చి పలకడం చిన్నప్పటి నుంచీ నాలుకకు పట్టేసింది. తెలుగుకు అదే సరైన పద్ధతి. ఇంగ్లీష్ నడక వేరు. అక్కడ మాటలో ఒక సిలబుల్ స్ట్రెస్ తీసుకుని నిండుగా నిలబడుతుంది. మిగతావాటిలో చాలా అచ్చులు తమ అసలు ధ్వని వదిలేసి, నోటి మధ్యలో పుట్టే ఒక చిన్న ధ్వనిగా మారిపోతాయి. అదే ష్వా. నిఘంటువులో ə అని, తలకిందులైన అక్షరంలా కనిపిస్తుంది. ఇంగ్లీష్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అచ్చు ఇదే. దీనికంటూ సొంత అక్షరం మాత్రం లేదు. ఎ, ఇ, ఐ, ఓ, యు ఏదైనా సరే, స్ట్రెస్ పోతే ష్వాగా మారగలదు.

ఆటమ్, అటామిక్ అనే జంట చూడండి. నిఘంటువులో ఇలా ఉంటాయి:

```
/ˈætəm/
/əˈtɒmɪk/
```

పైన కామాలా కనిపించే చిన్న గీత స్ట్రెస్ గుర్తు. దాని వెనక వచ్చే సిలబుల్‌కే స్ట్రెస్. మొదటి మాటలో స్ట్రెస్ మొదటి సిలబుల్ మీద ఉంది. అక్కడి అచ్చు యాపిల్ మొదట్లో వినిపించేలా నిండుగా ఉంది, రెండో అచ్చు ష్వా అయింది. చివర ఐ, సి అక్షరాలు చేరగానే స్ట్రెస్ రెండో సిలబుల్‌కు జరిగింది. ఇప్పుడు ఇందాక నిండుగా ఉన్న అచ్చు ష్వా అయింది, ష్వాగా ఉన్నది నిండు అచ్చు అయింది. స్పెల్లింగ్‌లో ఆ నాలుగు అక్షరాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి, ధ్వనులు మాత్రం తారుమారయ్యాయి. "ఈ మాటలో ఓ అనే అక్షరాన్ని ఎలా పలకాలి?" అని ఎవరైనా అడిగితే, ముందు స్ట్రెస్ ఎక్కడుందో చూడమంటాను. అది తేలకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

దీన్ని పట్టించుకోకపోతే ఏం జరుగుతుందో నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి అనుభవంలో చూశాను. విదేశీ క్లయింట్‌తో కాల్‌లో ఒక నిర్ణయం గురించి చెబుతూ కమిటీ అనే మాట వాడింది. స్పెల్లింగ్‌లో ఓ ఉంది కదా అని నోరు బాగా తెరిచి "కామిటీ" అంది, బరువంతా మొదటి సిలబుల్ మీద వేసింది. అవతలాయనకు అది కామెడీ అని వినిపించింది. నిర్ణయం తీసుకున్నది కామెడీ ఏమిటో ఆయనకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పమన్నాడు. తను ఇంకా నెమ్మదిగా, ఇంకా స్పష్టంగా, ఒక్కో అచ్చునూ విడదీసి చెప్పింది. దాంతో మాట ఇంకా దూరమైపోయింది.

ఎందుకో ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది:

```
/kəˈmɪti/
/ˈkɒmədi/
```

కమిటీలో స్ట్రెస్ నడిమి సిలబుల్ మీద. మొదటి అచ్చు ష్వా, అంటే క్ వెనకాల వినీ వినిపించనంత చిన్న ధ్వని. కామెడీలో స్ట్రెస్ మొదటే ఉంది, ఓ నిండుగా పలుకుతుంది. ఇంగ్లీష్ వినడానికి అలవాటుపడ్డ చెవి నిండుగా వినిపించిన సిలబుల్‌ని పట్టుకుని మాటను వెతుక్కుంటుంది. ఆ చెవికి ముందుగా నిండుగా "కామ్" అని తగిలితే, అలా మొదలయ్యే మాటల దగ్గరికే వెళుతుంది. రెండు అచ్చుల మధ్య వచ్చే ట్ అమెరికన్ నోట్లో డ్‌కు బాగా దగ్గరగా పలుకుతుంది కాబట్టి, చివర్లో ఉన్న ఆ తేడా కూడా ఆదుకోలేదు. నెమ్మదిగా చెప్పిన కొద్దీ ష్వా ఉండాల్సిన చోట నిండు అచ్చు ఇంకా పొడుగైంది. అందుకే రెండోసారి మరీ అర్థం కాలేదు. అవతలివాళ్లకు మాట అందనప్పుడు మొత్తం మాటను సాగదీయకండి. స్ట్రెస్ ఉన్న సిలబుల్ ఒక్కటే సాగదీయండి.

ఆ మాటను మేం సరిచేసిన తీరు ఇది. ముందు మాటనంతా వదిలేసి "మిట్" ఒక్కటే, స్వరం కాస్త పైకి లేపి, నిడివి ఇచ్చి చెప్పించాను. తర్వాత దాని వెనక "ఇ" చేర్చాం. అది కుదిరాకే ముందు క్ పెట్టాం. అక్కడ అచ్చు పలకాలని ప్రయత్నించవద్దన్నాను. క్ నుంచి మ్‌కు వెళ్లే దారిలో దానంతటదే వచ్చే ధ్వని చాలు. మొదటి నుంచి మొదలుపెడితే నాలుక పాత అలవాటుకే పోతుంది, స్ట్రెస్ సిలబుల్‌తో మొదలుపెడితే మిగతావి దాని చుట్టూ కుదించుకుంటాయి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. మూడు సిలబుల్స్ సమానంగా నడుస్తుంటే ఇంకా కుదరలేదని అర్థం. మాట వదిలేసి "ద-డా-ద" అని ఊరికే లయ పలికినప్పుడూ, మాట పలికినప్పుడూ ఒకేలా వినిపిస్తే కుదిరినట్టు.

వినేటప్పుడు కూడా ఈ అపోహ ఇబ్బంది పెడుతుంది. "వాళ్లు మరీ స్పీడుగా మాట్లాడతారు మేడమ్" అంటారు. స్పీడ్ కొంత నిజమే. కానీ చాలాసార్లు మీరు ఎదురుచూస్తున్న నిండు అచ్చు అక్కడ ఉండదు, అసలు ఇబ్బంది అది. సపోర్ట్ అనే మాటలో మొదటి అచ్చు ష్వా. గబగబా మాట్లాడినప్పుడు అది దాదాపు కరిగిపోయి మాట స్పోర్ట్‌కు దగ్గరగా వినిపిస్తుంది. నిండుగా "సప్" కోసం చెవి కాచుకుని కూర్చుంటే మాట దాటిపోతుంది. మీరు ష్వా పలకడం మొదలుపెడితే వినడం కూడా తేలికవుతుంది. చాలామందిలో ఈ మార్పు చూశాను.

అపోహ: స్ట్రెస్ అంటే గట్టిగా అరవడం.

కాదు. శబ్దం కొంచెం పెరుగుతుంది, కానీ పని ఎక్కువగా చేసేది అది కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేసిన డెనిస్ ఫ్రై, ఆబ్జెక్ట్, పర్మిట్ లాంటి మాటలను కృత్రిమంగా తయారు చేసి, అచ్చు నిడివి, శబ్దం మారుస్తూ జనానికి వినిపించారు. వాళ్లు దాన్ని నామవాచకంగా విన్నారా, క్రియగా విన్నారా అని చూశారు. 1955లో వచ్చిన ఆ ఫలితంలో శబ్దం కన్నా నిడివే ఎక్కువ ప్రభావం చూపింది. తర్వాత 1958లో వచ్చిన ప్రయోగాల్లో స్వరం ఎత్తు మార్పు కూడా బలమైన గుర్తని తేలింది. గొంతు చించుకోనక్కర్లేదు. ఆ సిలబుల్‌ని పొడిగించండి, స్వరం మార్చండి, పక్కవాటిని కుదించండి. మూడోది చేయకపోతే మొదటి రెండూ సరిగ్గా వినిపించవు.

అపోహ: స్ట్రెస్ లేని ప్రతి అచ్చూ ష్వానే.

ష్వా గురించి కొత్తగా తెలుసుకున్నవాళ్లు ఉత్సాహంలో ఇటు వచ్చేస్తారు. ష్వా కనిపిస్తే సాధారణంగా అక్కడ స్ట్రెస్ లేనట్టే. కానీ స్ట్రెస్ లేకపోతే ష్వా వచ్చి తీరుతుందని లేదు. ఫొటోగ్రాఫ్‌లో మెయిన్ స్ట్రెస్ మొదటి సిలబుల్ మీద. నడిమి అచ్చు ష్వా అవుతుంది, కానీ చివరి "గ్రాఫ్" నిండుగానే ఉంటుంది. ఫొటోగ్రఫర్‌లో స్ట్రెస్ రెండో సిలబుల్‌కు జరిగితే, మొదటిదీ, ఆ "గ్రాఫ్" ఉన్న చోటూ రెండూ ష్వా అవుతాయి. కొన్ని అచ్చులు ష్వాకు బదులు పొట్టి ఇకారంగా మారతాయి. రికార్డ్ అనే మాట క్రియ అయినప్పుడు బ్రిటిష్ ఉచ్చారణలో మొదటి అచ్చు అలాగే వినిపిస్తుంది.

నాకు బాగా నచ్చే ఉదాహరణ సెపరేట్. "వేరు చేయి" అనే క్రియ అయితే చివర "రేట్" నిండుగా ఉంటుంది. "వేరైన" అనే విశేషణం అయితే అదే చోట ష్వా వచ్చి "సెప్రట్" లాగా కుదించుకుపోతుంది. మెయిన్ స్ట్రెస్ రెండిట్లోనూ మొదటి సిలబుల్ మీదే ఉంది. తేడా తెలిపేది చివరి అచ్చు ఒక్కటే. ఎస్టిమేట్, గ్రాడ్యుయేట్ కూడా ఇంతే.

అపోహ: ష్వా అంటే మన అ.

దగ్గరిదే కానీ అది కాదు. మన అకు నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. ష్వాకు దవడ దాదాపు కదలదు, పెదవులు గుండ్రంగానూ ఉండవు, సాగవు. అద్దం ముందు నిలబడి అబౌట్ అనండి. మొదటి ధ్వని దగ్గరే గడ్డం కిందికి దిగితే మీరు అ పలికినట్టే.

అపోహ: స్ట్రెస్‌కు రూల్స్ లేవు. లేదా, ఉన్న రూల్స్‌తో అంతా తేలిపోతుంది.

రెండూ తప్పే. ఇక్, షన్, ఇటీ అనే ప్రత్యయాలు చివర ఉంటే స్ట్రెస్ వాటికి సరిగ్గా ముందున్న సిలబుల్ మీద పడుతుందన్నది బాగా పనికొచ్చే రూల్. అటామిక్, ఎకనామిక్, ఎలక్ట్రిసిటీ అన్నీ దాని ప్రకారమే నడుస్తాయి. కానీ అరబిక్, క్యాథలిక్, పాలిటిక్స్ దానికి లొంగవు. ఆబ్జెక్ట్, ప్రజెంట్ లాంటివి నామవాచకమైతే మొదటి సిలబుల్ మీద, క్రియ అయితే రెండో సిలబుల్ మీద అనే రూల్ కూడా కొన్ని మాటల జాబితాకే పరిమితం. ఆన్సర్‌కు రెండు పనుల్లోనూ స్ట్రెస్ మొదటే, రిపోర్ట్‌కు రెండిట్లోనూ రెండో సిలబుల్ మీదే. రూల్‌తో ఊహించండి, నిఘంటువులో ఆ చిన్న గీత చూసి ఖాయం చేసుకోండి.

అపోహ: ష్వా అమెరికన్ యాక్సెంట్ కోసం. మనకెందుకు?

ఈ పుకారు ఎవరు పుట్టించారో కానీ, దీన్ని నమ్మి ఎంతోమంది ష్వా జోలికే పోవడం లేదు. బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండిట్లోనూ ష్వా ఉంది. స్ట్రెస్ ఎక్కడ పెడతారన్నదే కొన్ని మాటల్లో మారుతుంది. లాబొరేటరీ అనే మాటను బ్రిటిష్‌వాళ్లు రెండో సిలబుల్ మీద స్ట్రెస్‌తో పలుకుతారు, కాబట్టి మొదటి అచ్చు ష్వా అవుతుంది. అమెరికన్లు మొదటి సిలబుల్ మీద స్ట్రెస్ పెడతారు, కాబట్టి అదే అచ్చు నిండుగా ఉంటుంది, చివర "టోరీ"లో ఓ కూడా నిలుస్తుంది:

```
/ləˈbɒrətri/
/ˈlæbrətɔːri/
```

ఏది ఎంచుకున్నా ఫరవాలేదు. స్ట్రెస్ ఒకరిదీ అచ్చులు ఇంకొకరివీ కలిపితేనే చిక్కు. మొదటి సిలబుల్ మీద స్ట్రెస్ పెట్టి, రెండో సిలబుల్‌లో బ్రిటిష్ ఓను కూడా నిండుగా పలికారనుకోండి, అది ఇద్దరికీ కొత్త మాటే అవుతుంది.