స్మియర్ ఫ్రేములు, ఇంపాక్ట్ ఫ్రేములు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒంగోలులో నా దగ్గర 2డి యానిమేషన్ నేర్చుకునేవారిలో చాలామంది, ఛేజ్ సీన్ చేయమనగానే గిత్తను ఎంచుకుంటారు. అందుకే స్మియర్, ఇంపాక్ట్ ఫ్రేముల గురించి చెప్పడానికి ఇక్కడ ఒకే షాట్ తీసుకుంటున్నాను: మిట్టమధ్యాహ్నం గిత్త ఒక కుర్రవాడిని తరుముతుంది, అతడు ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంటాడు, గిత్త సున్నం వేసిన గోడకున్న చెక్క తలుపును ఢీకొంటుంది. వేగం సెకనుకు 24 ఫ్రేములు.

అపోహ: స్మియర్ అంటే బొమ్మను మసకబార్చడమే, సాఫ్ట్‌వేర్‌లో మోషన్ బ్లర్ పెడితే సరిపోతుంది.

వాస్తవం: స్మియర్ అనేది అంచులు స్పష్టంగా ఉండేలా చేత్తో గీసే ఒక బొమ్మ. ఒక ఫ్రేముకూ తరువాతి ఫ్రేముకూ మధ్య వస్తువు తన పొడవుకు మించి జరిగితే, రెండు బొమ్మలూ ఒకటే వస్తువని కన్ను కలుపుకోలేక, అది ఒకచోట మాయమై మరొకచోట పుట్టినట్లు కనిపిస్తుంది. ఆ ఖాళీని నింపడమే స్మియర్ చేసే పని. మన షాట్‌లో 11వ ఫ్రేము నాటికి గిత్త తలుపుకు రెండు నిలువుల దూరంలో ఉంటుంది, 13వ ఫ్రేములో తలుపును గుద్దేసి ఉంటుంది. కాబట్టి 12వ ఫ్రేములో దాని వెనుక భాగం 11లో ఉన్నచోటే ఉండాలి, మూతి తలుపుకు కొద్ది దూరంలో ఆగాలి, మధ్యలో దేహం సాగాలి. సాగిన మేరకు మందం తగ్గించకపోతే గిత్త వేగంగా కదిలినట్లు కాక ఉబ్బినట్లు కనిపిస్తుంది.

ఎంత సాగదీసినా అది గిత్తేనని తెలియాలి. ఒంగోలు గిత్తకు కొమ్ములు పొట్టివి కనుక వాటిని సాగదీసి లాభం లేదు. దాన్ని గుర్తుపట్టించేది మూపురం. నేనైతే మూపురాన్ని చెడగొట్టకుండా ముందుకు వాల్చి, నడుమును మాత్రమే సాగదీస్తాను. పైగా తెల్లని దేహం తెల్లని గోడ ముందు కలిసిపోతుంది కాబట్టి, మెడ మీది నలుపు ఛాయను, తోక కుచ్చు నలుపును చారలుగా లాగితేనే కదలిక ఎటువైపో కంటికి అందుతుంది.

అపోహ: స్మియర్లు ఎన్ని ఎక్కువ వేస్తే అంత వేగం.

వాస్తవం: ఈ షాట్‌కు ఒక్కటి చాలు, అదీ ఒక్క ఫ్రేము మాత్రమే, అంటే సుమారు 42 మిల్లీసెకన్లు. మిగతా షాట్ అంతా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపి చేస్తున్నా, స్మియర్‌ను రెండు ఫ్రేములు ఉంచకూడదు. ఉంచితే ప్రేక్షకుడు సాగిన గిత్తను సాగిన గిత్తగానే చూసేస్తాడు. నిజానికి వేగాన్ని నమ్మించేది దానికి ముందున్న నిలకడ. 1 నుంచి 10వ ఫ్రేము వరకు గిత్త తల దించి, బరువును వెనుక కాళ్ల మీదకు తెచ్చుకుని, దాదాపు కదలకుండా ఉండాలి. 1942లో చక్ జోన్స్ దర్శకత్వంలో వచ్చిన 'ద డోవర్ బాయ్స్' కార్టూన్‌ను ఫ్రేము ఫ్రేముగా ఆపి చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది: పాత్రలు ఒక భంగిమలో స్థిరంగా నిలబడి, సాగిన బొమ్మల మీదుగా రెప్పపాటులో మరో భంగిమలోకి దూకుతాయి.

అపోహ: దెబ్బ తగిలిన క్షణంలో తెర తెల్లగా మెరిస్తే అదే ఇంపాక్ట్ ఫ్రేము.

వాస్తవం: ఇంపాక్ట్ ఫ్రేము అంటే దెబ్బ బలం కంటికి తెలిసేలా ఆ క్షణంలో పెట్టే ప్రత్యేకమైన బొమ్మ. దాని బలమంతా చుట్టూ ఉన్న ఫ్రేములతో దానికున్న తేడాలోనే ఉంది. మన షాట్ ఎండలో, తెల్లగోడ ముందు జరుగుతోంది కాబట్టి తెల్లని మెరుపు వేస్తే కంటికి ఆనదు. నేపథ్యం పూర్తిగా నలుపు చేసి, గిత్త ఆకారాన్ని తెల్లగా వదిలి, నుదురు తలుపును తాకిన బిందువు నుంచి గీతలు చిమ్మించాలి. అదే షాట్ రాత్రిపూటదైతే రంగులు తిరగేయాలి.

స్థానం కూడా ముఖ్యమే. తల తలుపును అప్పుడే తాకుతున్న బొమ్మను నేను గీయను. 13వ ఫ్రేములోనే తల చెక్కలోకి దిగి, మెడ నొక్కుకుపోయి ఉంటుంది. 14వది ఇంపాక్ట్ ఫ్రేము. 15 నుంచి 18 వరకు అదే నొక్కుకున్న భంగిమను నిలిపి, క్రమంగా తగ్గే చిన్న వణుకు ఇస్తాను. తలుపు ఊడి పడటం 19వ ఫ్రేము నుంచే మొదలవుతుంది, నవ్వు పుట్టేది కూడా ఆ చిన్న ఆలస్యం వల్లే. అంతా పూర్తయ్యాక 14వ ఫ్రేమును తీసేసి ఒకసారి ప్లే చేయండి. దెబ్బ కొంచెం మెత్తబడితే ఫరవాలేదు. దెబ్బే తగలనట్లు ఉంటే లోపం టైమింగ్‌లో ఉంది, దాన్ని ఏ మెరుపూ కప్పలేదు.

అపోహ: మెరుపులు ఎన్ని వేసినా ఎవరికీ ఏమీ కాదు.

వాస్తవం: 1997 డిసెంబరు 16న జపాన్‌లో ప్రసారమైన పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం రంగులు వేగంగా మారుతూ మెరవడంతో వందల మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఒక సెకనులో మూడు మెరుపులకు మించకూడదన్నది ఇప్పుడు విస్తృతంగా పాటించే నియమం. వెలుతురు నుంచి చీకటికి వెళ్లి తిరిగి వెలుతురుకు వస్తే అది ఒక మెరుపు, అంటే మన 14వ ఫ్రేము ఒక్కటే ఒక మెరుపు కింద లెక్క. దెబ్బ మీద దెబ్బ పడే ఫైట్‌లో ఈ లెక్క తొందరగా దాటిపోతుంది కనుక, మొదటి దెబ్బకూ చివరి దెబ్బకూ మాత్రమే రంగులు తిరగేసి, నడుమ దెబ్బలకు భంగిమ నిలపడం, వణుకు ఇవ్వడంతో సరిపెడతాను.