“మావాడే అడిగినాడు సార్”: గ్రూపు ఎంపికలో ఒక అపోహ

పదవ తరగతి పరీక్షలు ముగిసిన వారం నుంచి కర్నూలులో నేను కౌన్సెలింగ్ చేసే గదికి వచ్చే తండ్రులలో చాలామంది మొదట చెప్పే మాట ఇదే: “డాక్టర్ అవుతానని మావాడే అడిగినాడు సార్, నేనేమీ చెప్పలే.”

అపోహ: పిల్లవాడే అడిగాడు కనుక అది అతని కోరికే.

వాస్తవం: తల్లిదండ్రుల కోరిక ఆజ్ఞగా కాక కథగా కూడా పిల్లలకు చేరుతుంది. డోన్ వైపు మెడికల్ షాపు నడిపే ఒక తండ్రి, ఎంసెట్‌లో తనకు కొద్దిలో సీటు తప్పిన సంగతిని ప్రతి పెళ్ళిలోనూ చుట్టాలకు చెప్పేవారు. ఆయనను బయట కూర్చోబెట్టి, డాక్టరు ఉదయం నుంచి రాత్రి దాకా ఏమేమి చేస్తారో చెప్పమని అబ్బాయిని అడిగాను. పేరు పక్కన ఎం.బి.బి.ఎస్. అని బోర్డు ఉంటుందని, అందరూ లేచి నిలబడతారని చెప్పి ఆగిపోయాడు. పోయిన ఆదివారం ఏం చేశావని అడిగితే మాత్రం, మామతో కలిసి బోరు మోటారు స్టార్టరు విప్పిన వైనాన్ని పావుగంట సేపు చెప్పాడు.

ఇంతమాత్రాన తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే పదిహేనేళ్ళ పిల్లలకు ఏ వృత్తి గురించైనా తెలిసేది తక్కువే. అందుకే ఒక పూట క్లినిక్‌లో కాంపౌండరు పక్కన, ఒక పూట మోటారు వైండింగు షాపులో, ఒక పూట పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ ల్యాబులో కూర్చోబెట్టమన్నాను. తండ్రి వెంట వెళ్ళకూడదు, ఆ సాయంత్రం ఎలా ఉందని అడగకూడదు. అబ్బాయి మాత్రం ఎక్కడ విసుగు పుట్టిందో, ఇంకా ఏమి తెలుసుకోవాలనిపించిందో రెండు ముక్కలు రాసి పెట్టుకోవాలి. క్లినిక్ పేజీలో “అందరూ జ్వరమనే చెప్తున్నారు” అని ఒక్క వాక్యం ఉంది. వైండింగు షాపు పేజీలో, ఒకసారి చుట్టిన మోటారు మళ్ళీ ఎందుకు కాలుతుందన్న దానితో మొదలై మూడు ప్రశ్నలున్నాయి. ప్రశ్నలు క్లినిక్ పేజీలో ఉంటే బైపీసీ వైపే మాట్లాడేవాణ్ణి.

మూడు పూటలు జీవితాన్ని తేల్చవు. తరువాత ఏ తలుపు తట్టాలో మాత్రమే చెబుతాయి. వైండింగు షాపులో ఆ రోజు మంచి మేస్త్రీ దొరకడం వల్ల కూడా ఆసక్తి పుట్టి ఉండవచ్చు గనుక, ఇంకో చోట మరో పూట గడపమన్నాను.

ఆ తండ్రిని తప్పుపట్టను. మా అమ్మాయి చేత నేను రోజూ పేపరు చదివించింది సివిల్స్ రాయలేకపోయిన నా దిగులు కొద్దీనని, ఆమె పేపరు దాచడం మొదలుపెట్టాక గానీ నాకు తెలియలేదు.

అపోహ: ఎంపీసీ తీసుకుంటే అన్ని దారులూ తెరిచే ఉంటాయి. ఉండవు, నీట్‌కు జీవశాస్త్రం కావాలి.

అపోహ: పాలిటెక్నిక్ మార్కులు రానివారికి. ఎవరు పుట్టించారో ఈ మాట! డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. అబ్బాయి రాసిపెట్టుకున్న ఆ మూడు పూటల కాగితాలు చదివిన డోన్ తండ్రి చాలాసేపు మౌనంగా ఉండి, “పాలిసెట్ కూడా రాయించమంటారా సార్?” అని అడిగారు.