పది గీతల్లో పాలమూరు గీత

తెలంగాణలోని పాత పది జిల్లాల అక్షరాస్యత శాతాలు 1991, 2001, 2011 జనగణన పట్టికల్లో దొరుకుతాయి. మొత్తం కలిపితే ముప్పై అంకెలే. వాటిని ఎక్సెల్‌లో ఎక్కించి గీతల గ్రాఫు అడిగితే వెంటనే వచ్చేస్తుంది. కానీ దాన్ని అలాగే అచ్చు తీసి మహబూబ్‌నగర్‌లో ఒక బడి గోడకు అతికించి, పాలమూరు సంగతి ఏమిటో చెప్పమంటే ఎవరైనా తడుముకుంటారు. పది రంగుల్లో పది గీతలు, వాటి వెనక అడ్డంగా గళ్ల గీతలు, అడుగున రంగుల సూచిక, పైన ‘జిల్లాలవారీ అక్షరాస్యత, 1991–2011’ అనే శీర్షిక ఉంటాయి. ఒక్క అంకె కూడా తప్పు కాదు. అయినా చూసినవారికి ఏమీ అందదు.

అసలు ఎక్సెల్ మొదటిసారి ఇచ్చే గ్రాఫులో ఇంకో తిరకాసు కూడా ఉంటుంది. జిల్లాలను వరుసల్లో, సంవత్సరాలను నిలువు గడుల్లో పెట్టి ఉంటే, వరుసలే ఎక్కువ కాబట్టి అది జిల్లాలను కింది అక్షం మీద పరిచి సంవత్సరానికి ఒక గీత గీస్తుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి కరీంనగర్‌కు ఎగుడుదిగుడుగా సాగే ఆ గీతకు అర్థమే లేదు. జిల్లాకూ జిల్లాకూ మధ్య ‘పెరగడం, తగ్గడం’ అనేదేమీ ఉండదు కదా. `Switch Row/Column` నొక్కితే సంవత్సరాలు కిందికి వచ్చి, ఒక్కో జిల్లా ఒక్కో గీత అవుతుంది. చదవదగ్గ గ్రాఫు అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు ఇందులో మహబూబ్‌నగర్‌ను వెతకడానికి కన్ను ఎంత పని చేయాలో చూడండి. ముందు అడుగున సూచికలోకి వెళ్లి ఆ జిల్లా రంగు ఏదో పట్టుకోవాలి. ఆ రంగును మనసులో పెట్టుకుని పైకి రావాలి. పది రంగులంటే అందులో రెండు నీలాలు, రెండు ఆకుపచ్చలు తప్పవు కాబట్టి అనుమానం వచ్చి మళ్లీ కిందికి దిగాలి. పైగా 2011 దగ్గర ఆదిలాబాద్, మెదక్, నిజామాబాద్ మూడూ 61 శాతం దగ్గర, కరీంనగర్, నల్లగొండ, ఖమ్మం, వరంగల్ నాలుగూ 64, 65 శాతాల దగ్గర ఉన్నాయి. ఏడు గీతలు నాలుగు శాతాల ఇరుకులో పెనవేసుకుపోతాయి. అక్కడ రంగులు ఎన్ని వాడినా విడదీసి చూపడం కుదరదు.

కన్ను రంగును ఎలా పట్టుకుంటుందన్న దాని మీద ఆన్ ట్రీస్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సహచరుడితో కలిసి 1980లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధం. అన్నీ ఒకే రంగులో ఉండి ఒక్కటే వేరే రంగులో ఉంటే, చుట్టూ అయిదున్నా ముప్పై ఉన్నా దాన్ని కనిపెట్టడానికి పట్టే సమయం పెద్దగా మారదు. వెతకకుండానే అది కంటికి తగులుతుంది. చుట్టూ ఉన్నవి కూడా రంగురంగులుగా ఉంటే ఆ సౌలభ్యం పోతుంది. అంటే పది రంగులు వేసినప్పుడు మనం పది జిల్లాలను ఎత్తి చూపడం లేదు, ఒక్క జిల్లానూ ఎత్తి చూపడం లేదు.

అందుకే ముందు అన్ని గీతలనూ ఒకే బూడిద రంగులోకి మార్చాలి. ఆ తరువాత మహబూబ్‌నగర్ గీతను మాత్రం ముదురు ఎరుపులో, మిగతా వాటికన్నా రెండు మూడింతల మందంతో గీయాలి. గీత మీద కుడి మీట నొక్కి `Format Data Series` లోకి వెళితే ఈ రెండూ అక్కడే దొరుకుతాయి. చిన్న సూక్ష్మం ఒకటుంది. పట్టికలో తరువాత వచ్చే వరుసను ఎక్సెల్ పైన గీస్తుంది. మహబూబ్‌నగర్ మధ్యలో ఉంటే దాని మీదుగా బూడిద గీతలు పోయే ప్రమాదం ఉంది. `Select Data` లో దాన్ని చివరికి జరిపితే అన్నింటికన్నా పైకి వస్తుంది.

రంగుతో పాటు మందం కూడా మార్చడానికి కారణం ఉంది. మన దగ్గర కాగితాలు చాలావరకు నలుపు తెలుపు జిరాక్స్ ప్రతులుగానే చేతులు మారతాయి. ముదురు ఎరుపు, బూడిద రెండూ అక్కడ బూడిదే. కొందరికి, ముఖ్యంగా మగవారిలో కొందరికి, ఎరుపు ఆకుపచ్చల తేడా కూడా సరిగా తెలియదు. మందం ఉంటే ఎవరికైనా గీత గుర్తుపట్టేలా ఉంటుంది. ఒకసారి జిరాక్స్ తీసి చూసుకోవడమే దీనికి పరీక్ష. దీనికి ఎదురుగా ఇంకో ఇబ్బంది ఉంది. బూడిదను మరీ లేతగా పెడితే కంప్యూటర్ తెర మీద అందంగా కనిపిస్తుంది గానీ, పగటి వెలుతురు పడే సమావేశ మందిరంలో ప్రొజెక్టర్ మీద ఆ గీతలు మాయమవుతాయి. అప్పుడు ఎర్ర గీత ఒక్కటే మిగులుతుంది. అది ఎంత నష్టమో శీర్షిక దగ్గరికి వచ్చాక చెబుతాను.

ఇక గళ్ల గీతలు. గీతకు ఎదురుగా ఉన్న విలువను ఎడమవైపు అక్షం దాకా తీసుకెళ్లి చదువుకోవడానికి అవి ఉన్నాయి. ఆ పనిని మనమే చేసి పెడితే వాటి అవసరం తీరిపోతుంది. మహబూబ్‌నగర్ గీత మీది మూడు బిందువుల పక్కనే 30, 44, 55 అని రాసేస్తే చాలు. గళ్ల గీత మీద ఒకసారి నొక్కి `Delete` కొడితే అన్నీ పోతాయి. రంగుల సూచికను కూడా అలాగే తీసేసి, ఎర్ర గీత కుడి చివరన ‘మహబూబ్‌నగర్’ అని అదే రంగులో రాయాలి. పై అంచున ఒంటరిగా ఉన్న బూడిద గీతకు ‘హైదరాబాద్’ అని పేరు పెట్టవచ్చు. మధ్యలోని ఏడింటికీ విడివిడిగా పేర్లు పెట్టబోతే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఈ గ్రాఫుకు వాటి పేర్లు అక్కర్లేదు.

గళ్ల గీతలు ఎప్పుడూ పనికిరానివేనా అంటే కాదు. అంగన్‌వాడీలో పిల్లల బరువు రాసే ఎదుగుదల చార్టు చూడండి. వయసు గీత, బరువు గీత కలిసే చోట చేత్తో చుక్క పెట్టాలి. గళ్లు లేకపోతే చుక్క పక్కకు జరుగుతుంది, బిడ్డ ఏ పట్టీలో ఉన్నదీ తప్పుగా తేలుతుంది. విలువను కొలిచే చార్టుకు గళ్లు కావాలి. విషయం చెప్పే చార్టులో అవి అడ్డం. రెంటికీ ఒకే కొలమానం పెట్టకూడదు.

అన్నింటిలో కష్టమైనది శీర్షిక. మిగతావన్నీ చేతిపని, ఇది తీర్పు. ‘జిల్లాలవారీ అక్షరాస్యత’ అన్నది సంచి మీది చీటీ లాంటిది. లోపల ఏముందో చెప్తుంది, దానితో ఏం తేలిందో చెప్పదు. తేలిందేమిటో రాద్దామంటే ఈ ముప్పై అంకెల నుంచే మూడు రకాల మాటలు వస్తాయి.

‘ఇరవై ఏళ్లలో దాదాపు రెట్టింపైన పాలమూరు అక్షరాస్యత’ అనవచ్చు. 30 నుంచి 55కు పెరిగింది కాబట్టి అది అబద్ధం కాదు. ‘హైదరాబాద్‌తో అంతరం 42 నుంచి 28 శాతాలకు తగ్గింది’ అనీ అనవచ్చు. అదీ నిజమే. కానీ బూడిద గీతల వైపు ఒకసారి చూడండి. హైదరాబాద్‌ను పక్కన పెడితే మిగతా ఎనిమిది జిల్లాలూ ఆ ఇరవై ఏళ్లలో 24 నుంచి 29 శాతాల దాకా పైకి వెళ్లాయి. మహబూబ్‌నగర్ వెళ్లింది 25. గీతలు దాదాపు సమాంతరంగా సాగాయి. అంటే పాలమూరు ప్రత్యేకంగా దూసుకెళ్లిందేమీ లేదు, అందరితో పాటు నడిచింది. హైదరాబాద్‌తో దూరం తగ్గడానికి కారణం అది అప్పటికే 70 దాటి ఉండి ఆ తరువాత నెమ్మదిగా పెరగడం. తనకు సరిగ్గా పైన ఉన్న జిల్లాతో పోలిస్తే 1991లో మూడు శాతాలున్న దూరం 2001లో ఏడయింది, 2011లో ఆరు.

బూడిద గీతలను చెరిపేయకూడదన్నది ఇందుకే. అవి లేకపోతే పైకెగబాకే ఒక ఎర్ర గీత, దానికి తగ్గ ఉత్సాహం మాత్రమే మిగులుతాయి. ఈ జిల్లాను ప్రేమించేవారికి ఆ బొమ్మ నచ్చుతుంది. నేనూ ఆ ప్రాంతం వాడినే. కానీ వెనకబాటును దాచిపెట్టే గ్రాఫు ఆ జిల్లా పిల్లలకు మేలు చేయదు. కాబట్టి నేను పెట్టే శీర్షిక ఇది: ‘అక్షరాస్యత 30 నుంచి 55 శాతానికి పెరిగినా, మూడు జనగణనల్లోనూ మహబూబ్‌నగర్‌ది చివరి స్థానమే’. పెరుగుదల, స్థానం రెండూ అందులో ఉన్నాయి. రెంటినీ బొమ్మలో వేలు పెట్టి చూపవచ్చు.

శీర్షిక విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, గ్రాఫులో కన్ను ఎక్కువగా ఆగేదీ, తరువాత గుర్తుండేదీ అదేనని కంటి కదలికలను నమోదు చేసిన పరిశోధనలు చూపాయి. 2018లో వెలువడిన మరో అధ్యయనంలో ఒకే గ్రాఫుకు ఒకవైపు మొగ్గే వేర్వేరు శీర్షికలు పెట్టి వేర్వేరు జనానికి చూపారు. గ్రాఫు సారాంశం అడిగితే చాలామంది తాము చూసిన శీర్షిక వైపే మొగ్గారు, అయినా గ్రాఫు నిష్పాక్షికంగానే ఉందనుకున్నారు. తప్పు అంకె కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే ఎవరూ పట్టుకోలేరు.

శీర్షిక కింద చిన్న అక్షరాల్లో ఏం కొలిచామో ఒక వరుస ఉండాలి: ‘ఏడేళ్లు, ఆపై వయసువారిలో అక్షరాస్యుల శాతం, పాత పది జిల్లాలు, జనగణన’. ఏడేళ్ల లెక్క 1991 నుంచీ ఉంది, అందుకే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టగలుగుతున్నాం. గీతను 2011 దగ్గరే ఆపాలి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తరువాత 2019లో నారాయణపేట ఏర్పడ్డాయి. అదే పేరుతో వచ్చే కొత్త అంకెను ఈ గీతకు తగిలిస్తే, వేరే ప్రాంతాన్ని పాత జిల్లాగా చూపినట్టవుతుంది.

ఇదే గ్రాఫును నల్లగొండలో పెట్టాలంటే ఎరుపును ఆ గీత మీదికి మార్చడం నిమిషం పని. శీర్షిక మాత్రం అంత తేలిక కాదు. నల్లగొండ 1991లో అయిదో స్థానంలో, 2001లో మూడో స్థానంలో, 2011లో మళ్లీ అయిదో స్థానంలో ఉంది. ‘మూడో స్థానానికి ఎగబాకి జారిన నల్లగొండ’ అని రాయాలనిపిస్తుంది. కానీ 2001లో నల్లగొండ, వరంగల్, ఖమ్మం మూడూ 57 శాతం దగ్గరే ఉన్నాయి. మొదటి రెంటి మధ్య తేడా శాతంలో యాభయ్యో వంతు. బొమ్మలో అవి ఒకే బిందువు. కంటికి కనిపించని ఎగబాకడాన్ని, జారడాన్ని శీర్షికకు ఎక్కించడం సరికాదు. నల్లగొండకు ‘38 నుంచి 64 శాతానికి, మధ్య జిల్లాల గుంపుతో పాటే నల్లగొండ’ అని రాస్తే సరిపోతుంది.