రాక్ పినియన్ గేటు లెక్కలు: మా దగ్గర చెలామణిలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

అనంతపురం చుట్టుపక్కల స్లైడింగ్ గేట్లకు మోటార్లు బిగించడం నా పని. తాడిపత్రి వైపు బండల ఫ్యాక్టరీల్లోనే ఎక్కువ. గేటు అడుగున పళ్ల పట్టీ, అంటే రాక్. మోటార్ షాఫ్ట్ మీద పళ్ల చక్రం, అంటే పినియన్. చూడటానికి ఇంతే. కానీ పినియన్ ఒక చుట్టు తిరిగితే గేటు ఎంత కదులుతుంది, రాక్ ఎంత పొడవు కొనాలి అనే రెండు ప్రశ్నల దగ్గర అనుభవం ఉన్నవాళ్లు కూడా బోల్తా పడతారు. నేనూ పడ్డాను.

అపోహ: పినియన్ బయటి వ్యాసాన్ని 3.14తో గుణిస్తే ఒక చుట్టుకి ఎంత కదులుతుందో వస్తుంది

నేను పడింది ఇక్కడే. ఒక పాలిష్ ఫ్యాక్టరీలో గేటు కోసం తయారైన మోటార్ కాకుండా, ఓనర్ దగ్గరున్న పాత గేర్‌బాక్స్ మోటార్ వాడాం. ఎంత దూరం వెళ్లి ఆగాలో చెప్పడానికి పినియన్ షాఫ్ట్‌కి ఒక సెన్సార్ పెట్టాం, చుట్టుకి పది పల్సులు. గేటు కదలాల్సింది 4,950 మి.మీ. వెర్నియర్‌తో పినియన్ బయటి వ్యాసం కొలిస్తే 72 మి.మీ. వచ్చింది. 72ని 3.1416తో గుణిస్తే చుట్టుకి 226 మి.మీ. అంటే దాదాపు 21.9 చుట్లు, 219 పల్సులు. అదే సెట్ చేసి వచ్చేశాను.

మరుసటి రోజు ఫోన్. "అన్నా, గేటు పూర్తిగా తెరుచుకోకుండానే ఆగిపోతాంది. లారీ అద్దం గీరుకుంది."

పోయి టేపు పెడితే గేటు 55 సెంటీమీటర్లు ముందే ఆగుతోంది. తప్పు మోటార్‌ది కాదు, నాది. 72 మి.మీ. అనేది పళ్ల మొనల దగ్గరి కొలత. గేటును నెట్టేది మొన కాదు, పంటి నడుమ భాగం. రాక్ మీద జారకుండా దొర్లినట్టు లెక్కకొచ్చే వలయం మొనలకంటే లోపల ఉంటుంది, దాన్నే పిచ్ సర్కిల్ అంటారు. ఆ వలయం వ్యాసాన్ని మి.మీ.లలో తీసుకుని పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే మాడ్యూల్. మాది పదహారు పళ్లది, నాలుగు మాడ్యూల్. నాలుగు మాడ్యూల్ పినియన్‌లో పళ్ల మొన ఈ వలయం కంటే ఒక్కో వైపు 4 మి.మీ. బయటికి ఉంటుంది. కాబట్టి పిచ్ వ్యాసం 64, చుట్టుకి కదిలేది 201 మి.మీ. నేను పెట్టిన 219 పల్సులకు గేటు వెళ్లింది 4,403 మి.మీ. మాత్రమే. 246కి మార్చాక సరిగ్గా వచ్చి ఆగింది.

నిజానికి వ్యాసంతో పనే లేదు. పినియన్ ఒక చుట్టు తిరిగితే దానికి ఎన్ని పళ్లున్నాయో రాక్ మీద అన్ని పళ్లు దాటుతాయి, అంతకన్నా ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు. పినియన్ పళ్లు లెక్కపెట్టండి, రాక్ మీద ఒక పంటి నుంచి పక్క పంటికి ఉన్న దూరంతో గుణించండి. ఆ దూరాన్ని ఒక పంటి మీద కొలిస్తే పొరపాటు వస్తుంది. ఒక పంటి ఎడమ అంచు నుంచి ఇరవై పళ్ల అవతలున్న పంటి ఎడమ అంచు వరకు టేపు పెట్టి ఇరవైతో భాగించండి. నాలుగు మాడ్యూల్ అయితే టేపు మీద 251 మి.మీ. దాటి కనపడుతుంది, ఒక్కో పంటికి 12.566. పదహారు పళ్లకు 201.

ఈ పద్ధతికి ఇంకో లాభం ఉంది. సీఎన్‌సీ రాయి కోత మెషిన్లలో పళ్లు ఏటవాలుగా ఉండే రాక్‌లు వస్తాయి. వాటికి మాడ్యూల్‌ను 3.1416తో గుణిస్తే సరిపోదు, ఆ కోణం వల్ల రాక్ వెంబడి పళ్ల దూరం పెరుగుతుంది. రాక్ వెంబడి టేపుతో కొలిచినవాడికి మాత్రం కోణం ఎంతో తెలియకపోయినా లెక్క సరిగ్గానే వస్తుంది.

అపోహ: పినియన్‌కీ రాక్‌కీ మధ్య సందు పెరిగితే గేటు కదిలే దూరం మారిపోతుంది

మారదు. పళ్లు పట్టుకున్నంత వరకు పదహారు పళ్లకు పదహారు పళ్లే. సందు పెరిగితే గేటు దిశ మారినప్పుడు కాస్త ఖాళీగా ఊగుతుంది, అంతే. గేటు మోటార్లకు ఒకటి నుంచి రెండు మి.మీ. సందు కావాలనే వదులుతాం, లేకపోతే గేటు బరువు షాఫ్ట్ మీద పడుతుంది. మే నెల ఎండకి రాక్ సాగి లెక్క తప్పుతుందనేవాళ్లూ ఉన్నారు. ఐదు మీటర్ల ఇనుము 30 డిగ్రీల తేడాకి సాగేది రెండు మి.మీ. లోపే, పైగా గేటూ ఇనుమే, రెండూ కలిసే సాగుతాయి.

అపోహ: గేటు ఎంత పొడవుంటే రాక్ అంత కొంటే చాలు

డబ్బు పోయేది ఇక్కడ. పై ఫ్యాక్టరీ గేటే తీసుకుందాం. దారి వెడల్పు 4,800 మి.మీ. రెండు వైపులా 150 చొప్పున స్తంభాల వెనక్కి పోవాలని గేటు 5,100తో చేయించారు. గేటు జరిగే వైపు, దారి అంచు నుంచి 250 మి.మీ. అవతల పినియన్ సెంటర్ వచ్చేలా మోటార్ దిమ్మె కట్టారు.

గేటు ముందు అంచు నుంచి కొలుస్తూ పోండి. గేటు పూర్తిగా తెరిచినప్పుడు ముందు అంచు దారి అంచుకు సమంగా ఉంటుంది, కాబట్టి పినియన్ ఆ అంచు నుంచి 250 దగ్గర ఉంటుంది. మూసినప్పుడు ముందు అంచు అవతలి స్తంభం వెనక 150 వరకు పోతుంది. అప్పుడు పినియన్ 150, 4,800, 250 కలిపి 5,200 దగ్గర ఉంటుంది. గేటేమో 5,100కే అయిపోయింది. అంటే మూసే సమయానికి పినియన్ కింద రాక్ కాదు కదా, గేటే లేదు. గేటు పొడవు చూసి రాక్ కొన్నవాళ్లకు చివరి పది సెంటీమీటర్ల దగ్గర చక్రం ఊరికే తిరగడం కనిపించేది ఇందుకే.

రాక్‌కి కావాల్సింది 250 నుంచి 5,200 దాకా, అంటే కదిలే దూరం 4,950. దానికి రెండు చివరలా 100 చొప్పున కలిపాను. పినియన్ పళ్లు పూర్తిగా పట్టుకోవడానికి, మోటార్ ఆగాక గేటు ఊపులో కాస్త ముందుకు పోవడానికి ఆ జాగా కావాలి. మొత్తం 5,150. అంటే గేటు మీద 150 నుంచి 5,300 దాకా. గేటు వెనక 250 మి.మీ. తోక వెల్డ్ చేయించాక గానీ రాక్ పెట్టడం కుదరలేదు.

అపోహ: రాక్ ముక్క అంటే సరిగ్గా ఒక మీటరు, ముక్కలు టైట్‌గా ఆనించి వెల్డ్ చేస్తే అయిపోతుంది

నాలుగు మాడ్యూల్ ఇనుప ముక్క మామూలుగా 1,005 మి.మీ. ఉంటుంది, ఎందుకంటే దానిలో సరిగ్గా 80 పళ్లు పట్టాలి. మనకు కావాల్సిన 5,150ని 12.566తో భాగిస్తే 410 పళ్లు. ఐదు ముక్కలు 400 పళ్లు, ఆరో ముక్క నుంచి పది పళ్లు కోశాం, పళ్ల మధ్య గాడిలో సగానికి.

అతుకు దగ్గర ముక్కలు ఆనాయా లేదా అన్నది ముఖ్యం కాదు, పళ్ల దూరం తప్పకూడదు. చివర కాస్త గ్రైండర్ తగిలి అరిగితే, టైట్‌గా ఆనించినప్పుడు అక్కడ పళ్ల దూరం తగ్గిపోతుంది. అందుకే మిగిలిన రాక్ ముక్కను తిరగేసి, దాని పళ్లు అతుకుకు రెండు వైపులా ఉన్న పళ్లలో కూర్చునేలా క్లాంపుతో బిగించి, అప్పుడు టాక్, అంటే చిన్న వెల్డింగ్ చుక్క, వేస్తాం. మధ్యలో ఒక మి.మీ. సందు కనపడినా పర్వాలేదు.

పాత గేటులో అతుకులు తప్పాయేమో చూడాలంటే చెవి పెట్టండి. 80 పళ్ల ముక్క, 16 పళ్ల పినియన్ అయితే సరిగ్గా ఐదు చుట్లకోసారి టక్ మంటుంది. ప్రతి అతుకు దగ్గరికీ పినియన్‌లో అదే చోటు వస్తుంది కాబట్టి, బండల పొడి తుడిచి చూస్తే పదహారు పళ్లలో ఒకటో రెండో మాత్రమే అద్దంలా మెరుస్తుంటాయి.